వార్త నాలుగు కేబీలు, మోత ఐదు ఎంబీలు

"నెట్ స్లోగా ఉంది" అనడం మనకి "ఎండలు మండిపోతున్నాయి" అన్నంత అలవాటైపోయింది. పేజీ తెరుచుకోకపోతే సిగ్నల్‌ని తిడతాం, సిమ్ కంపెనీని తిడతాం, మూడేళ్ళ కిందట కొన్న ఫోన్‌ని తిడతాం. ఆ పేజీని తయారుచేసినవాళ్ళని మాత్రం పల్లెత్తు మాట అనం. ఈ వ్యాసం వాళ్ళని అనడానికే రాస్తున్నాను. పనిలో పనిగా, కంటెంట్ బ్లాకర్ వాడే పాఠకుడిని దొంగ అంటున్న పెద్దమనుషులకి కూడా ఒక జవాబు చెప్పాలి. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. వెబ్ పేజీలు ఎలా బరువెక్కుతాయో రోజూ దగ్గర్నుంచి చూస్తుంటాను. అవి వాటంతటవే బరువెక్కవు. ఎవరో ఒకరు ఎక్కించాలి.

ముందు వార్త బరువెంతో చూద్దాం. ఒక మామూలు తెలుగు వార్తలో 400 మాటలుంటాయి అనుకోండి. మాటకి సగటున ఎనిమిది యూనికోడ్ సంకేతాలు. గుణింతం గుర్తు, వత్తు, పొల్లు, అన్నీ విడివిడిగా లెక్కే. ఒక్కో తెలుగు సంకేతానికి యూటీఎఫ్-8లో మూడు బైట్లు పడతాయి. ఇంగ్లీషు అక్షరానికి ఒకటే. ఖాళీలతో కలిపి మొత్తం పది కిలోబైట్లు. సర్వర్ దీన్ని కుదించి పంపుతుంది కాబట్టి మన ఫోన్‌కి చేరేది మూడు నాలుగు కిలోబైట్లు. తెలుగు లిపికి కంప్యూటర్ వేసే మూడు రెట్ల పన్ను కట్టాక కూడా అంతే.

ఇప్పుడు ఈ నాలుగు కిలోబైట్లని ఒక బీద కనెక్షన్ మీద పెట్టి చూడండి. మన ప్రీపెయిడ్ ప్యాకుల్లో ఆ రోజు డేటా అయిపోయాక వేగం చాలాసార్లు 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది. అంటే సెకనుకి ఎనిమిది కిలోబైట్లు. నాలుగు కిలోబైట్లు రావడానికి అర సెకను చాలు. దానికి పేజీ అమరిక, శీర్షిక, సైజు తగ్గించిన ఒక ఫొటో కలిపినా వంద కిలోబైట్లు దాటనక్కర్లేదు. పన్నెండు పదమూడు సెకన్లలో అంతా వచ్చేస్తుంది. అక్షరాలు ముందే వచ్చేస్తాయి కాబట్టి ఫొటో కోసం ఆగకుండా చదువుకోవచ్చు. అంటే "డేటా అయిపోయింది" అనుకునే ఆ స్థితిలో కూడా తెలుగులో వార్త చదవడం సాధ్యమే. సాధ్యం కాకుండా చేసింది మరెవరో.

ఇంకో సంగతి. సర్వర్ కొత్త కనెక్షన్ మీద ఒక్కసారిగా అంతా గుమ్మరించదు. దారి ఎలా ఉందో తెలియదు కాబట్టి మొదటి విడతలో సాధారణంగా పది ప్యాకెట్లు పంపి, అవి అందాయన్న కబురు కోసం ఆగుతుంది. పది ప్యాకెట్లంటే సుమారు 14 కిలోబైట్లు. మన వార్త ఆ మొదటి విడతలోనే మొత్తం పడుతుంది. ఇంకా చోటు మిగులుతుంది. ఇంటర్నెట్‌ని కట్టినవాళ్ళు తెలుగు వార్తలకి సరిపడా చోటు మొదటి అడుగులోనే వదిలారన్నమాట. దాన్ని మనం ఏం చేసుకున్నామన్నదే ప్రశ్న.

*

దీనికి జవాబుగా ఒక నిజమైన కేసు ఉంది. మనది కాదు, అమెరికాది. 2018 మే 25న ఐరోపా సమాఖ్యలో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, జీడీపీఆర్, అమల్లోకి వచ్చింది. పాఠకుడి అనుమతి లేకుండా అతన్ని వెంబడించడం కుదరదని ఆ చట్టం సారాంశం. అమెరికన్ పత్రికలు కంగారుపడ్డాయి. కొన్ని ఐరోపా పాఠకులకి సైటునే మూసేశాయి. యూఎస్ఏ టుడే వేరే పని చేసింది. వెంబడించే స్క్రిప్టులు, ప్రకటనలు తీసేసి ఐరోపా వాళ్ళ కోసం వేరే సైటు పెట్టింది. వార్తలు అవే, పత్రిక అదే.

ఆ పేజీ విచిత్రంగా వేగంగా ఉందేమిటా అని ఒక వెబ్ డెవలపర్ రెండింటినీ కొలిచి చూశాడు. అమెరికా పేజీ 5.2 ఎంబీ, ఐరోపా పేజీ 500 కేబీ. తెరుచుకోవడానికి పట్టే సమయం 45 సెకన్ల పైనుంచి 3 సెకన్లకి దిగింది. జావాస్క్రిప్ట్ ఫైళ్ళు 124 నుంచి సున్నాకి. బ్రౌజర్ చేయాల్సిన మొత్తం అభ్యర్థనలు 500 పైచిలుకు నుంచి 34కి.

న్యాయంగా మాట్లాడాలంటే, ఆ 124 ఫైళ్ళూ ప్రకటనలవే అయ్యుండవు. కొన్ని మెనూలు ఆడించేవి, కొన్ని ఫొటోలు దొర్లించేవి కూడా ఉండొచ్చు. కానీ అవేవీ లేకుండానే ఐరోపా పాఠకుడు వార్త చదివాడుగా! అక్కడ ఎవరూ "అయ్యో, మెనూ దొర్లట్లేదు" అని ఏడ్వలేదు.

ఈ అంకెల్ని మన 64 కేబీపీఎస్ మీద పెడదాం. 500 కేబీ పేజీ సెకనుకి ఎనిమిది కేబీల చొప్పున ఒక నిమిషంలో వస్తుంది. 5.2 ఎంబీ పేజీకి 650 సెకన్లు, అంటే దాదాపు పదకొండు నిమిషాలు పడుతుంది. అదీ మధ్యలో ఏదీ తెగిపోకుండా ఉంటే. పదకొండు నిమిషాలు ఎవరూ ఆగరు. నల్లగొండ జిల్లాలో మా మేనత్త "నెట్ పోయిందిరా నాయనా" అని ఫోన్ పక్కన పెట్టేస్తుంది. నెట్ ఎక్కడికీ పోలేదు అత్తయ్యా, నీకు రావాల్సిన అర సెకను వార్తకి ముందు పదకొండు నిమిషాల సామాను లైన్లో నిలబడింది. ఆ సామానులో ఒక్కటి కూడా నువ్వు అడిగింది కాదు.

ఈ కేసు నాకెందుకు ముఖ్యమంటే, "ఆధునిక వెబ్ అంటే బరువుగానే ఉంటుంది, తప్పదు" అనే వాదాన్ని ఇది ఒక్క దెబ్బతో కొట్టిపారేస్తుంది. తేలిక పేజీ చేయడం చేతకాక కాదు. చట్టం మెడ మీద కూర్చుంటే చేసిచూపించారు. కాబట్టి మిగతావాళ్ళకి బరువైన పేజీ ఇవ్వడం ఒక నిర్ణయం. అంతకుమించి సాంకేతిక అవసరమేమీ లేదు.

*

ఆ సామాను ఎలా పోగవుతుందో చెబుతాను. మీరు లింకు నొక్కగానే మొదట వచ్చేది వార్త ఉన్న హెచ్‌టీఎంఎల్. దాని పైభాగంలోనే "ఇది తెచ్చుకో, అది తెచ్చుకో" అని కొన్ని ఆదేశాలుంటాయి. అందులో ట్యాగ్ మేనేజర్ అని ఒక స్క్రిప్ట్ ఉంటుంది. దాని పని తక్కిన స్క్రిప్టుల్ని పిలవడం. ఇది ఉన్నచోట మార్కెటింగ్ విభాగంవాళ్ళు ప్రోగ్రామర్‌ని అడక్కుండానే కొత్త స్క్రిప్టులు పేజీలోకి ఎక్కించొచ్చు. ఎక్కించినవాళ్ళు మళ్ళీ దించరు. రెండేళ్ళ కిందట అయిపోయిన ప్రచారం తాలూకు కొలత స్క్రిప్ట్ ఇంకా నడుస్తూనే ఉంటుంది. అది ఎవరిదని అడిగితే ఆఫీసులో ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

తర్వాత వేలం మొదలవుతుంది. పత్రికలో ప్రకటన అంటే మనకి తెలిసింది, ఎవరో డబ్బు కట్టారు, పత్రిక అచ్చువేసింది. వెబ్‌లో అలా కాదు. మీరు పేజీ తెరిచిన క్షణంలో మీ కళ్ళ ముందున్న ఖాళీ డబ్బాని వేలం వేస్తారు. చాలా సైట్లలో ఈ వేలాన్ని నడిపే స్క్రిప్ట్ మీ ఫోన్‌లోనే నడుస్తుంది. దీన్ని హెడర్ బిడ్డింగ్ అంటారు. ఆ స్క్రిప్ట్ ఏడెనిమిది మంది దళారులకి ఒకేసారి కబురు పెడుతుంది. ఇలాంటి ఊరివాడు, ఇలాంటి ఫోన్, ఇలాంటి పేజీ చదువుతున్నాడు, ఎంతిస్తారు? ఒక్కో దళారీ తన వెనకున్న కొనుగోలుదారుల్ని అడిగి ధర చెప్తాడు. గడువు ముగిసేదాకా స్క్రిప్ట్ ఆగుతుంది. ఎక్కువ పాడినవాడి ప్రకటన ఒక చిన్న ఫ్రేములో దిగుతుంది. ఆ ప్రకటన వస్తూ వస్తూ తనని ఎవరైనా చూశారా లేదా కొలిచే స్క్రిప్టుల్ని వెంటబెట్టుకొస్తుంది. ఇంకోపక్క దళారులందరూ మిమ్మల్ని తమ తమ ఖాతాల్లో గుర్తుపట్టడానికి ఒకరి దగ్గర్నుంచి ఒకరికి మీ బ్రౌజర్‌ని తిప్పుతుంటారు.

మార్కెట్ యార్డులో మిర్చి వేలం జరిగితే రైతుకి కమీషన్ కోత పడుతుంది, నిజమే, కానీ రైతు తన డబ్బుతో దళారులకి బస్సు టికెట్లు కొనడు. ఇక్కడ మీరు కొంటున్నారు. గెలిచినవాడి ప్రకటనకే కాదు, ఓడిపోయిన దళారులతో నడిచిన ఉత్తరప్రత్యుత్తరాలకి కూడా డేటా మీదే, బ్యాటరీ మీదే, సమయం మీదే.

కనెక్షన్ బలహీనంగా ఉంటే ఈ తిప్పుడు ఇంకా బాధ. కొత్త సర్వర్‌తో మొదటిసారి మాట్లాడాలంటే ముందు దాని చిరునామా కనుక్కోవాలి, తర్వాత కనెక్షన్ పెట్టుకోవాలి, తర్వాత భద్రమైన మార్గం ఏర్పరుచుకోవాలి, ఆపైన అసలు విషయం అడగాలి. సాధారణంగా నాలుగు సార్లు పోయి రావాలి. ఫోన్ నుంచి ఒక్కో రాకపోకకి వంద మిల్లీసెకన్లు అనుకుంటే, ఒక్క బైట్ చేతికి రాకముందే 0.4 సెకన్లు పోయాయి. ఆ సర్వర్ ఇంకో సర్వర్ దగ్గరికి, అది మరోదాని దగ్గరికి పంపితే మళ్ళీ మళ్ళీ ఇదే తంతు. అందుకే వేగవంతమైన ప్యాకు వేయించుకున్నా పేజీ నత్తనడకే నడుస్తుంది. దారి వెడల్పు పెరిగినా ఊళ్ళన్నీ తిరిగి రావడం తగ్గదు కదా.

దించుకున్నాక కూడా అయిపోదు. 200 కేబీల ఫొటోని ఫోన్ ఒకసారి విప్పి గీసేస్తే సరి. 200 కేబీల జావాస్క్రిప్ట్‌ని చదవాలి, అర్థం చేసుకోవాలి, నడపాలి. పదివేల రూపాయల ఫోన్‌లో ఇది ఆఫీసు ల్యాప్‌టాప్‌లో కంటే చాలా నెమ్మది. స్క్రిప్ట్ నడుస్తున్నంతసేపూ మీ వేలు తాకినా స్పందన ఉండదు. పేజీ కనిపిస్తుంటుంది గానీ కదలదు. కదిలేసరికి ఆలస్యంగా దిగిన ప్రకటన చదువుతున్న పేరాని కిందికి తోసేస్తుంది, మీ వేలు దాని మీద పడుతుంది. ఆ నొక్కు ఎవరి ఖాతాలో జమ అవుతుందో ఊహించుకోండి.

*

వీడియోల సంగతి వేరే చెప్పాలి. వార్త వంతెన కూలడం గురించి. పైన ఆడుతున్న వీడియో ఏ హీరోయిన్ ఏ విమానాశ్రయంలో కనిపించిందన్నది. కిందికి జరిపితే అది చిన్నదై మూలకి చేరి మీతోపాటే దిగుతుంది. దాన్ని మూసే గుర్తు చీమ తలకాయంత ఉంటుంది. ఎందుకిదంతా? వీడియో ప్రకటనకి బొమ్మ ప్రకటన కంటే ఎక్కువ ధర పలుకుతుంది. వీడియో ప్రకటన వేయాలంటే ముందు ఒక వీడియో ఉండాలి. అందుకని వార్తతో సంబంధం లేకపోయినా ఏదో ఒకటి ఆడిస్తారు. అది మీకోసం పెట్టింది కాదు. ప్రకటనకి పీట అంతే.

2018లో క్రోమ్ బ్రౌజర్ శబ్దంతో వాటంతటవే మొదలయ్యే వీడియోల మీద ఆంక్షలు పెట్టింది. మంచిదే. కానీ శబ్దం లేకపోతే అనుమతి ఉంది. సైట్లు వెంటనే దాన్ని పట్టుకున్నాయి. ఈ చిన్న వరుసలో ఆ కిటుకంతా ఉంది:

```html
<video autoplay muted playsinline loop>
```

`muted` అన్న ఒక్క మాటతో తలుపు తెరుచుకుంటుంది. ఆంక్ష వల్ల మీ చెవికి ఉపశమనం కలిగింది, మీ డేటాకి కాదు. సెకనుకి 500 కిలోబిట్ల నాసిరకం వీడియో కూడా ఒక నిమిషం ఆడితే 3.75 ఎంబీ తింటుంది. మన లెక్కలో అది తొమ్మిది వందలకి పైగా తెలుగు వార్తలు. మీరు మౌనంగా చదువుతున్నంతసేపూ అది మౌనంగా తింటూనే ఉంటుంది.

*

ఇక బ్లాకర్. దీని గురించి చాలామందికి ఉన్న అభిప్రాయం, ప్రకటనలు వచ్చాక వాటి మీద తెల్లకాగితం అతికిస్తుందని. అసలు పని అది కాదు. పేజీ "ఫలానాది తెచ్చుకో" అనగానే బ్రౌజర్ బయల్దేరే ముందు బ్లాకర్ ఆ చిరునామాని తన జాబితాలో చూస్తుంది. ఉంటే బయల్దేరనివ్వదు. అడగలేదు కాబట్టి రాదు, రాలేదు కాబట్టి డేటా ఖర్చు లేదు, నడిపే పనీ లేదు. ట్యాగ్ మేనేజర్‌ని ఆపితే అది పిలవబోయే పాతికమందీ ఆగిపోతారు. అందుకే ఫలితం అంత పెద్దగా ఉంటుంది. మొదటి దళారీని గేటు దగ్గర ఆపితే వాడి వెనకున్న గుంపు ఊళ్ళోకే రాదు.

జాబితాలు రహస్యమేమీ కాదు. ఈజీలిస్ట్ లాంటివి దాదాపు ఇరవయ్యేళ్ళుగా స్వచ్ఛందంగా నడుస్తున్నాయి, ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. అందులోని సూత్రాలు ఇలా ఉంటాయి:

```
||ads.example.com^
||video.example.net^$third-party
example.com##.sticky-player
```

మొదటిది, ఈ చిరునామాకి ఏ అభ్యర్థనా వెళ్ళకూడదని. రెండోది, వేరే సైటు పేజీలోంచి పిలిస్తేనే ఆపమని. ఆ వీడియో సైటుకి మీరే నేరుగా వెళ్తే అడ్డు లేదు. మూడోది తేడా రకం. అది ఏ అభ్యర్థననీ ఆపదు, పేజీలో ఆ పేరున్న డబ్బాని కనపడకుండా చేస్తుంది, అంతే. ఈ తేడా తెలుసుకోవడం ముఖ్యం. మూడో రకం సూత్రంతో మూలనున్న వీడియో మాయమైనా, వెనకాల అది దిగుతూనే ఉండొచ్చు. కంటికి శాంతి, డేటాకి చిల్లు.

ఎలా కనిపెట్టాలి? కంప్యూటర్లో `F12` నొక్కి `Network` తెరిచి, `Disable cache` పెట్టి పేజీని మళ్ళీ తెరవండి. కింద ఎన్ని అభ్యర్థనలు, ఎంత డేటా అని లెక్క కనిపిస్తుంది. బ్లాకర్‌తో ఒకసారి, లేకుండా ఒకసారి చూడండి. పేజీ ఖాళీగా, ప్రశాంతంగా కనిపిస్తున్నా అంకె పెరుగుతూనే ఉంటే ఏదో దొంగచాటుగా దిగుతోందని అర్థం. యూబ్లాక్ ఆరిజిన్‌లో దీనికి మందు ఉంది. సెట్టింగ్స్‌లో `Block media elements larger than` అని ఒకటుంటుంది. అక్కడ 50 కేబీ అని పెట్టుకుంటే అంతకన్నా పెద్ద బొమ్మలు, వీడియోలు మీరు నొక్కితే గానీ రావు. చిన్న ప్యాకుల మీద బతికేవాళ్ళకి ఇదొక్కటే సగం జబ్బు కుదురుస్తుంది.

ఫోన్‌లో ఏం చేయాలంటే, ఆండ్రాయిడ్ క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్లు పెట్టుకోనివ్వరు. ఫైర్‌ఫాక్స్‌లో పెట్టుకోవచ్చు, యూబ్లాక్ ఆరిజిన్ అందులో పూర్తిగా పనిచేస్తుంది. ఐఫోన్‌లో సఫారీకి 2015 నుంచే కంటెంట్ బ్లాకర్లు ఉన్నాయి. ఇంట్లో పెద్దవాళ్ళ ఫోన్‌లో బ్రౌజర్ మార్చడం కుదరకపోతే, ఆండ్రాయిడ్ 9 నుంచి సెట్టింగ్స్‌లో `Private DNS` ఉంటుంది. అక్కడ `dns.adguard-dns.com` అని రాస్తే ప్రకటన సర్వర్ల చిరునామాలు దొరక్కుండా పోతాయి. ఎక్స్‌టెన్షన్ పనిచేయని యాప్‌లలో కూడా ఇది పనిచేస్తుంది. కానీ ఇది మొరటు సాధనం. దానికి సైటు పేరే తెలుస్తుంది, లోపలి దారి తెలియదు. వార్త వచ్చే సర్వర్ నుంచే వీడియో కూడా వస్తుంటే దాన్ని ఆపలేదు. ఖాళీ డబ్బాలూ అలాగే మిగిలిపోతాయి. పైగా మీరు ఏ సైట్లకి వెళ్తున్నారో ఆ డీఎన్ఎస్ నడిపేవాళ్ళకి తెలుస్తుంది. అది కూడా ఆలోచించుకుని పెట్టుకోండి.

బ్లాకర్ వల్ల కొన్ని పేజీలు విరుగుతాయి కూడా. వ్యాఖ్యల పెట్టె తెరుచుకోదు, వీడియో మొదలవదు, మరీ కఠినంగా పెట్టుకుంటే డబ్బు కట్టే చోట బ్యాంకు వాళ్ళ ఓటీపీ ఫ్రేము రాదు. పేజీ తేడాగా ఉంటే ఆ ఒక్క సైటుకి బ్లాకర్ ఆపి మళ్ళీ తెరిచి చూడండి. బాగుపడితే తప్పు బ్లాకర్‌ది, లేకపోతే సైటుది. మొత్తం తీసిపారేయక్కర్లేదు.

*

ఇప్పుడు దొంగతనం అనే ఆరోపణ దగ్గరికి వద్దాం. "ప్రకటన ఆపి వార్త చదవడం, పుస్తకం పీడీఎఫ్ దొంగతనంగా పంచుకోవడం లాంటిదే" అని వాదించేవాళ్ళని సాహిత్య సభల్లో కూడా విన్నాను. రెండూ ఒకటి కావు. పీడీఎఫ్ పంచేవాడు రచయిత ఇవ్వనిదాన్ని తీసుకుంటున్నాడు. బ్లాకర్ వాడేవాడు సైటు తలుపులు బార్లా తెరిచి ఇచ్చిన పేజీనే తీసుకుంటున్నాడు. ఆ పేజీ వెంటనే "ఇంకో ఐదువందల చోట్లకి వెళ్ళి తెచ్చుకో" అని నా ఫోన్‌కి పని చెబుతుంది. వెళ్ళాలా వద్దా అన్నది ఫోన్ యజమాని ఇష్టం. పత్రికలోంచి జారిపడే రంగుల కరపత్రాన్ని చదవకుండా పారేస్తే పత్రిక దొంగిలించినట్టా?

మన తెలుగువాళ్ళు ఈ హక్కుని ఎప్పుడో వాడుకున్నారు. పెద్ద పత్రికల సైట్లన్నీ తలా ఒక సొంత ఫాంటుతో నడిచిన రోజులు కొంతమందికైనా గుర్తుండాలి. అక్షరాలు యూనికోడ్‌లో ఉండేవి కావు. వెతికితే దొరికేవి కావు, కాపీ చేస్తే చెత్త వచ్చేది. అప్పుడు ఫైర్‌ఫాక్స్ కోసం 'పద్మ' అనే ఎక్స్‌టెన్షన్ వచ్చింది. అది ఆ పేజీని మన కంప్యూటర్లో యూనికోడ్‌గా మార్చి చూపించేది. సైటు పంపినదాన్ని పాఠకుడు తనకి పనికొచ్చేలా మార్చుకుని చదివాడు. దాన్ని దొంగతనమన్నవాణ్ణి నేనెరగను. తెలుగుకి సేవ అన్నారు. బ్రౌజర్‌ని సాంకేతిక పత్రాల్లో 'యూజర్ ఏజెంట్' అంటారు, వాడుకరి తరఫు మనిషి అని. పద్మ వాడినరోజున అది మన తరఫున పనిచేసింది. బ్లాకర్ వాడినప్పుడు కూడా అంతే.

అందుకే క్రోమ్‌లో జరిగింది నాకు కడుపు మండించింది. గూగుల్ మేనిఫెస్ట్ వీ3 పేరుతో ఎక్స్‌టెన్షన్ల నిబంధనలు మార్చింది. ఇదివరకు ప్రతి అభ్యర్థననీ ఎక్స్‌టెన్షన్ స్వయంగా చూసి ఆపగలిగేది. ఇప్పుడు సూత్రాల జాబితా ముందుగా బ్రౌజర్‌కి అప్పజెప్పి పక్కన కూర్చోవాలి. నిర్ణయం బ్రౌజర్‌ది. ఆ మార్పుతో యూబ్లాక్ ఆరిజిన్ క్రోమ్‌లోంచి వెళ్ళిపోయింది, శక్తి తగ్గిన లైట్ రూపం మిగిలింది. భద్రత కోసమే అన్నారు. ఎక్స్‌టెన్షన్లకి ఎక్కువ అధికారం ఇవ్వడం ప్రమాదమే, కాదనను. కానీ ఆ మాట చెప్పింది ప్రకటనల మీద బతికే కంపెనీ. న్యాయవాదికి జీతం అవతలి కక్షిదారుడు ఇస్తుంటే వాదన ఎంత బాగున్నా అనుమానం పోదు.

రచయితలకి, విలేకరులకి డబ్బు ఎలా వస్తుందన్న ప్రశ్న మాత్రం నిజమైనది. బ్లాకర్ వల్ల సైటుకి రాబడి తగ్గుతుంది, చిన్న సైటుకి ఆ దెబ్బ గట్టిగానే తగులుతుంది. దానికి నా దగ్గర మంత్రం లేదు. నేను చేసేది చెబుతాను. నచ్చిన రెండు మూడు చోట్ల చందా కడతాను. పేజీని తేలిగ్గా ఉంచి, తన సొంత సర్వర్ మీంచి ఒక బొమ్మగా ప్రకటన పెట్టుకున్న సైటుకి బ్లాకర్ ఆపేస్తాను. నాకు ప్రకటనతో పేచీ లేదు. వారపత్రికల్లో సబ్బు ప్రకటనలు చూస్తూ పెరిగినవాణ్ణే. సబ్బు ప్రకటన నా వెంట ఇంటికి రాలేదు, నేను కథలో ఏ పేజీ దగ్గర ఆగానో ఎవరికీ చెప్పలేదు, నన్ను పదకొండు నిమిషాలు గుమ్మంలో నిలబెట్టలేదు.

సంపాదకులకి ఒక సూచన. మీ సైటుని మీ ఆఫీసు వైఫై మీద చూసుకోకండి. మీ ఊళ్ళో పదివేల రూపాయల ఫోన్ ఒకటి తీసుకుని, ఆ రోజు డేటా అయ్యేదాకా ఆగి, మీరే రాసిన సంపాదకీయాన్ని తెరవండి. మొదటి వాక్యం కనిపించడానికి ఎంతసేపు పట్టిందో గడియారం పెట్టి చూడండి. తర్వాత మీ సాంకేతిక విభాగాన్ని పిలిచి, పేజీలో నడుస్తున్న ప్రతి స్క్రిప్టూ ఎవరిది, ఎందుకుంది అని ఒక కాగితం మీద రాసిమ్మనండి. యజమాని దొరకనివి ఆ రోజే తీసేయొచ్చు.

ఐరోపా పాఠకుడికి తేలిక పేజీ చట్టం వల్ల వచ్చింది. మనకి అలా తెచ్చిపెట్టేవాళ్ళు ఇప్పట్లో కనిపించడం లేదు. అందాకా ఆ 500 కేబీల పేజీని మన ఫోన్‌లో మనమే తయారుచేసుకోవాలి. దానికి పావుగంట పని. ఈసారి పండక్కి ఊరెళ్ళినప్పుడు ఇంట్లోవాళ్ళ ఫోన్లలో కూడా ఆ పని చేసి రండి.